బెవెల్ ప్రొట్రాక్టర్‌తో ఛాంఫర్ కోణం: రెండు ఫేస్‌ల నుంచి రెండు రీడింగులు

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు స్పేర్లు చేసే వర్క్‌షాపైనా, జడ్చర్ల వైపు కంపెనీ అయినా, ఐటీఐ నుంచి కొత్తగా వచ్చినవాళ్లు వెర్నియర్ కాలిపర్ చేతికిస్తే ధైర్యంగానే కొలుస్తారు. బెవెల్ ప్రొట్రాక్టర్ ఇచ్చి ఛాంఫర్ చూడమంటే మాత్రం తడబడతారు. గీతలు చదవడం రాక కాదు. డయల్ మీద కనిపించే అంకెకు, డ్రాయింగ్‌లో ఉన్న అంకెకు సంబంధం ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పకపోవడం వల్ల. అందుకే ఇక్కడ ఒకే ఒక్క జాబ్ తీసుకుని, దాన్ని చివరిదాకా కొలిచి చూద్దాం.

జాబ్ ఇది: 50 మిల్లీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు, 100 పొడవు ఉన్న మైల్డ్ స్టీల్ బ్లాక్. పై అంచుల్లో ఒకదానికి మిల్లింగ్ మీద ఛాంఫర్ తీశారు. డ్రాయింగ్‌లో 15 × 30° అని ఉంది. కోణం ఆర్క్ గీత పై ఫేస్ నుంచి మొదలవుతోంది. అంటే పై ఫేస్ మీద 15 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లి, అక్కడి నుంచి 30 డిగ్రీల వాలుతో కిందికి దిగాలి. లెక్కేస్తే పక్క ఫేస్ మీద సుమారు 8.66 మిల్లీమీటర్లు దిగుతుంది. వాలు పొడవు 17.3 వస్తుంది. ఈ 17.3ని గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

ఆర్క్ ఎక్కడి నుంచి గీశారో ముందే చూసుకోవాలి. పక్క ఫేస్ నుంచి చూస్తే ఇదే ఛాంఫర్ 60 డిగ్రీలు. 45 డిగ్రీల ఛాంఫర్‌కు ఈ గొడవ లేదు, ఎటు నుంచి చూసినా ఒకటే. రోజూ 45లే చేసేవాళ్లు 30 వచ్చినప్పుడు బోల్తా పడేది ఇక్కడే.

పరికరంలో మనకు కావలసినంత

ప్రొట్రాక్టర్‌లో జాబ్ ఫేస్ మీద ఆనించే మందమైన భాగం స్టాక్. తిరిగే పొడవాటి పట్టీ బ్లేడ్. మధ్యలో ఉన్న డయల్ మీద మెయిన్ స్కేల్, దాని పక్కనే వెర్నియర్ ఉంటాయి. బ్లేడ్‌ను పట్టే లాక్ ఒకటి, డయల్‌ను బిగించే లాక్ ఇంకొకటి. ఈ జాబ్‌కు 150 మిల్లీమీటర్ల బ్లేడ్ చాలు. 300 బ్లేడ్ వేస్తే బయటికి పొడుచుకొచ్చిన బరువు చేతిని లాగుతూ ఉంటుంది. చిన్న కోణాల కోసం ఇచ్చే అక్యూట్ యాంగిల్ అటాచ్‌మెంట్‌తో ఇక్కడ పని లేదు, పెట్టెలోనే ఉండనివ్వండి.

మెయిన్ స్కేల్‌ను నాలుగు పావులుగా విడగొట్టారు. సున్నా నుంచి 90కి పెరిగి, అక్కడి నుంచి మళ్లీ సున్నాకు తగ్గుతుంది, ఇంకో సగం కూడా అంతే. అంటే ఈ డయల్ 90కి మించి అంకె చూపించదు. బ్లేడ్, స్టాక్ సమాంతరంగా ఉంటే సున్నా, లంబంగా ఉంటే 90. ఈ మధ్యలో ఎటు తిప్పినా రెండు గీతల మధ్య ఉన్న చిన్న కోణాన్నే చూపిస్తుంది.

మన జాబ్‌కు ఇదెలా వర్తిస్తుందో చూడండి. స్టాక్‌ను పై ఫేస్ మీద ఆనించి బ్లేడ్‌ను వాలు మీద పరిస్తే, ఇనుము లోపలి వైపు ఉన్న కోణం 150 డిగ్రీలు. డయల్ మీద కనిపించేది 30. మన అదృష్టం కొద్దీ డ్రాయింగ్‌లో అడిగింది కూడా 30నే, కాబట్టి నేరుగా రాసుకోవచ్చు. ఇదే డ్రాయింగ్‌లో లోపలి కోణం 150 అని ఇచ్చి ఉంటే, 180లోంచి రీడింగ్ తీసేయాలి. అలా తీసేటప్పుడు నిమిషాలు కూడా తీసివేతలోకి వస్తాయి. 29°40′ చూపిస్తే లోపలి కోణం 150°20′ అవుతుంది, 150°40′ కాదు.

వెర్నియర్ ఐదు నిమిషాలు ఎలా చూపిస్తుంది

వెర్నియర్ మధ్యలో సున్నా ఉంటుంది. దానికి రెండు వైపులా 15, 30, 45, 60 అని రాసి ఉంటుంది. ఒక్కో వైపు 12 గదులు. ఈ 12 గదులు కలిపి మెయిన్ స్కేల్ మీద 23 డిగ్రీల మేర సరిపోతాయి. అంటే ఒక వెర్నియర్ గది 23 డిగ్రీలలో పన్నెండో వంతు, 1°55′. మెయిన్ స్కేల్ మీద రెండు గదులు 2 డిగ్రీలు. ఈ రెంటి తేడా 5 నిమిషాలు. అదే లీస్ట్ కౌంట్. రాసి ఉన్న అంకెల మధ్య రెండేసి చిన్న గీతలు ఉంటాయి. 30 తర్వాత మొదటి గీత 35, రెండోది 40, ఆ తర్వాతది 45.

రెండు వైపులా వెర్నియర్ ఎందుకు పెట్టారంటే, డయల్ అంకెలు ఒక పావులో ఎడమకు, ఇంకో పావులో కుడికి పెరుగుతాయి కాబట్టి. అందుకే కుడి వైపు చదవాలి, ఎడమ వైపు చదవాలి అని బట్టీ పట్టకండి. మెయిన్ స్కేల్ అంకెలు ఏ వైపు పెరుగుతున్నాయో, వెర్నియర్‌ను కూడా సున్నా నుంచి ఆ వైపే చదవాలి. ఈ ఒక్క నియమం తప్పితే వచ్చే తేడా చిన్నది కాదు, కొంచెం ముందుకెళ్లాక లెక్కతో చూద్దాం.

కొలిచే ముందు

జాబ్ అంచుల మీద బర్ తీసేయండి. సన్న ఆకురాయితో ఒక్కసారి లాగి, గుడ్డతో తుడిచి, చివరికి వేలితో తడిమి చూడండి. ఎందుకింత పట్టుదల అంటే, వాలు పొడవు 17.3 మిల్లీమీటర్లే. దాని ఒక చివర 0.05 మిల్లీమీటర్ల బర్ బ్లేడ్‌ను పైకి లేపిందంటే కోణం దాదాపు 10 నిమిషాలు మారిపోతుంది. వెర్నియర్ మీద అది రెండు గీతలు. ఇక కళ్లు చిట్లించి గీతలు చూసి లాభం లేదు.

తర్వాత ప్రొట్రాక్టర్‌ను నమ్మవచ్చో లేదో చూడాలి. మంచి ఇంజనీర్స్ స్క్వేర్ తీసుకుని స్టాక్‌ను ఒక కాలికి, బ్లేడ్‌ను రెండో కాలికి ఆనించి, వెలుతురు రాకుండా సెట్ చేసి బిగించండి. వెర్నియర్ సున్నా 90 గీతకు ఎదురుగా రావాలి. అంతటితో ఆగకుండా వెర్నియర్ రెండు కొసలనూ చూడండి. రెండు 60 గీతలూ చెరో వైపు 67 గీత మీద కూర్చోవాలి, ఎందుకంటే 90 నుంచి ఎటు చూసినా 23 డిగ్రీలు తగ్గితే 67 వస్తుంది. మధ్యలో ఒక్క గీతను చూసి సరే అనుకోవడం కన్నా మూడు చోట్ల చూడటం నయం. ఒక గీత జరిగి ఉంటే పరికరాన్ని టూల్ రూమ్‌కు పంపండి. తప్పును మనసులో కూడుతూ తీసేస్తూ పని చేయవచ్చు కానీ, 90 దాటాక అంకెలు వెనక్కి నడుస్తాయి కాబట్టి ఎప్పుడు కూడాలో ఎప్పుడు తీసేయాలో తికమక పడతారు.

మన నల్లగొండ ఎండల్లో రేకుల షెడ్డు కింద బ్లాక్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కినా, అంతా ఒకేలా వేడెక్కితే కోణం మారదు. పొడవులే మారతాయి. మైక్రోమీటర్‌తో ఉండే ఆ బెంగ ఇక్కడ లేదు. కాకపోతే కటర్ కింద నుంచి అప్పుడే తీసిన జాబ్ వాలు దగ్గర ఒకలా, అడుగున ఒకలా వేడిగా ఉంటుంది, దాన్ని చల్లారనివ్వండి.

బ్లేడ్‌ను వాలు మీద కూర్చోబెట్టడం

బ్లాక్‌ను సర్ఫేస్ ప్లేట్ మీద, వెనక తెల్ల కాగితమో ట్యూబ్‌లైటో ఉండేలా పెట్టండి. డయల్ లాక్ కొంచెం బిగుతుగా, తిప్పితే తిరిగేంత మాత్రమే ఉంచండి. ముందు స్టాక్‌ను పై ఫేస్ మీద గట్టిగా ఆనించాలి. బ్లేడ్‌ను వాలు పొడవంతా దాటేలా జరిపి దాని లాక్ బిగించాలి. ఇప్పుడు స్టాక్‌ను కదలనివ్వకుండా, బ్లేడ్‌ను మెల్లగా వాలు మీదికి దించండి. స్టాక్ మీద ఒత్తిడి ఎక్కువ, బ్లేడ్ మీద తక్కువ ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి, బ్లేడ్‌ను నొక్కుతారు. అప్పుడు స్టాక్ ఒక వైపు లేస్తుంది.

ఇక వెలుతురు చూడండి. వాలు కింది కొస దగ్గర వెలుతురు కనిపిస్తే బ్లేడ్ చదునుగా పడుకుంది, కోణం పెంచాలి. వాలు పైకొస దగ్గర కనిపిస్తే బ్లేడ్ మరీ నిటారుగా ఉంది, తగ్గించాలి. ఎక్కడా కనిపించకపోతే డయల్ లాక్ బిగించి, బిగించాక మళ్లీ వెలుతురు చూడండి. బిగించేటప్పుడు బ్లేడ్ కాస్త లాగబడటం మామూలే.

"అన్నా, వెలుతురు రాలేదు గదా, ఇంకేం చూడాలె?" అని ఇక్కడ ప్రతి కుర్రాడూ అడుగుతాడు. చూడాల్సింది ఇంకోటుంది, అది వెలుతురుకు దొరకదు.

ప్రొట్రాక్టర్ ఛాంఫర్ అంచుకు సరిగ్గా అడ్డంగా నిలబడాలి. పైనుంచి చూస్తే బ్లేడ్ ఆ అంచుకు లంబంగా కనిపించాలి. కొంచెం పక్కకు తిరిగి ఉంటే ఏమవుతుంది? వాలు చదునైన తలం కాబట్టి, దాని మీద ఏ దిక్కుగా పెట్టినా బ్లేడ్ పూర్తిగా ఆనుతుంది. స్టాక్ కూడా పై ఫేస్ మీద చక్కగానే కూర్చుంటుంది. వెలుతురు ఎక్కడా రాదు. కానీ కొలిచేది అసలు వాలును కాదు, వాలుకు అడ్డదిడ్డంగా తీసిన కోతను. గుట్టకు నేరుగా ఎక్కే దారి కన్నా చుట్టూ తిరిగే బండ్ల బాట తక్కువ వాలుగా ఉంటుంది కదా, అదే సంగతి. ప్రొట్రాక్టర్ 5 డిగ్రీలు పక్కకు తిరిగితే 30 డిగ్రీల ఛాంఫర్ ఐదారు నిమిషాలు తక్కువ చూపిస్తుంది. 10 డిగ్రీలు తిరిగితే 23 నిమిషాలు తక్కువ చూపిస్తుంది. 10 డిగ్రీల మెలిక కంటికి పెద్దగా ఆనదు, జాబ్‌ను రిజెక్ట్ చేయించడానికి మాత్రం చాలు.

ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. మెలిక ఎటు పడినా రీడింగ్ తగ్గుతుందే తప్ప పెరగదు. కాబట్టి ప్రొట్రాక్టర్‌ను కుడికీ ఎడమకీ కొంచెం తిప్పుతూ, ప్రతిసారీ బ్లేడ్‌ను ఆనిస్తూ కొలిస్తే, వచ్చినవాటిలో పెద్ద రీడింగే సరైనది. స్టాక్ పక్క అంచును బ్లాక్ కొస ఫేస్‌తో సమానంగా పెట్టుకుంటే వెతుకులాట ఇంకా తగ్గుతుంది.

మొదటి రీడింగ్

పై ఫేస్ మీద స్టాక్ పెట్టి బిగించాం. జాబ్ నుంచి తీసి డయల్‌ను కంటికి ఎదురుగా, నిటారుగా పట్టుకుని చూద్దాం. ఏటవాలుగా చూస్తే గీత ఒకటి అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. భూతద్దం ఉంటే వాడండి, అందులో నామోషీ ఏమీ లేదు.

వెర్నియర్ సున్నా 29కీ 30కీ మధ్య ఉంది. దాటిన అంకె 29, కాబట్టి డిగ్రీలు 29. ఇప్పుడు వెర్నియర్ వైపు వెళ్లకముందే ఒక పని చేయండి. సున్నా ఆ గదిలో సగం దాటిందా, సగం లోపే ఉందా? ఇక్కడ సగం దాటి 30 వైపు జరిగి ఉంది. అంటే నిమిషాలు 30 కన్నా ఎక్కువ రావాలి. ఇది గుర్తుపెట్టుకోండి.

29 నుంచి 30 ఏ వైపు ఉందో, వెర్నియర్ మీద ఆ వైపే వెళ్లండి. ఏ గీత మెయిన్ స్కేల్ గీతతో కలిసిపోయిందో వెతకండి. ఇక్కడ 30 దాటాక రెండో గీత, అంటే 40, మెయిన్ స్కేల్ మీద 45 గీతతో కలిసింది. నిజంగా కలిసిందా అని తేల్చుకోవడానికి దాని ఇరుగు పొరుగు గీతలను చూడాలి. వెర్నియర్ 35 గీత ఒక వైపుకు ఎంత జరిగి ఉందో, వెర్నియర్ 45 గీత దానికి ఎదురు వైపు అంతే జరిగి ఉండాలి. అలా ఉంటే మధ్యలో ఉన్న 40 సరైనది. మెయిన్ స్కేల్ మీది 45 డిగ్రీల అంకెను చూసి కోణం 45 అనుకోవద్దు, ఆ గీత ఎక్కడ కలిసిందన్నది రీడింగ్‌లోకి రాదు.

రీడింగ్: 29°40′.

ఇప్పుడు సున్నాకు రెండో వైపు కూడా చూడండి. అక్కడ కూడా ఒక గీత కలిసి ఉంటుంది. 15 తర్వాత మొదటి గీత, అంటే 20, మెయిన్ స్కేల్ మీద 22తో కలిసింది. 40, 20 కలిపితే 60. రెండు వైపుల రీడింగులూ కలిపితే ఎప్పుడూ 60 రావాలి, రాకపోతే గీతను చూడటంలో ఎక్కడో తప్పు పడింది. అయితే రాసుకునేది మాత్రం 40నే. వైపు మరిచిపోయి 20 రాస్తే 29°20′ అవుతుంది, జాబ్‌కు లేని తప్పు ఇంకో 20 నిమిషాలు తగిలిస్తారు. ఇక్కడే సగం గుర్తు ఆదుకుంటుంది. సున్నా సగం దాటిందని ముందే చూశాం కాబట్టి 20 కుదరదు.

రెండో రీడింగ్

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నా మాట వింటే ఆపకండి. బ్లాక్‌ను తిప్పి పక్క ఫేస్ పైకి వచ్చేలా పెట్టి, స్టాక్‌ను దాని మీద ఆనించి, బ్లేడ్‌ను అదే వాలు మీద కూర్చోబెట్టండి. వెలుతురు, మెలిక అన్నీ మళ్లీ చూడాలి.

ఈసారి వెర్నియర్ సున్నా 60కీ 61కీ మధ్య ఉంది, సగం లోపే. అంకెలు పెరిగే వైపు వెళ్తే 20 గీత మెయిన్ స్కేల్ 68తో కలిసింది. రీడింగ్ 60°20′. మొదటిసారి అంకెలు ఒక వైపు పెరిగితే, ఈసారి ఇంకో వైపు పెరుగుతూ ఉండవచ్చు. చేతి అలవాటుతో పోకుండా చూసుకోండి.

పై ఫేస్, పక్క ఫేస్ ఒకదానికొకటి లంబంగా ఉంటే ఈ రెండు రీడింగులు కలిపి 90 డిగ్రీలు రావాలి. 29°40′, 60°20′ కలిపితే 90°00′. ఐదు నిమిషాల తేడా ఉన్నా పర్వాలేదు, అది లీస్ట్ కౌంట్ అంత. అంతకన్నా ఎక్కువ తేడా వస్తే, ఆ మొత్తమే కొంతవరకు కారణం చెబుతుంది.

మొత్తం 90 కన్నా తక్కువ వస్తే ముందు మెలికను అనుమానించండి, మెలిక ఎప్పుడూ తగ్గిస్తుందని చూశాం కదా. ఒక్కచోట వెర్నియర్ వైపు తప్పితే కూడా మొత్తం చెడుతుంది. మొదటిది 29°20′ అని రాస్తే మొత్తం 89°40′ వస్తుంది. 90 కన్నా ఎక్కువ వస్తే మెలిక కారణం కాదు. వెర్నియర్ వైపు, బర్, సరిగా ఆనని స్టాక్, లేదా లంబంగా లేని ఫేస్‌లు చూడాలి. ఫేస్‌ల సంగతి స్క్వేర్ పెట్టి చూస్తే అప్పుడే తేలిపోతుంది.

ఈ పరీక్షకు ఒక కన్నం ఉంది. రెండుసార్లూ తప్పు వైపే చదివితే 29°20′, 60°40′ వస్తాయి. కలిపితే మళ్లీ 90°00′! మొత్తం సరిపోయింది, జాబ్ రీడింగ్ మాత్రం తప్పు. అందుకే సగం దాటిందా లేదా అన్న చూపును వదలొద్దన్నాను. ఈ రెండూ కలిస్తేనే పని భద్రంగా ఉంటుంది.

జాబ్ పాసా, ఫెయిలా

డ్రాయింగ్‌లో ఈ కోణానికి విడిగా టాలరెన్స్ ఇవ్వలేదు, కింద మూలన ఐఎస్ఓ 2768-ఎం అని ఉంది అనుకుందాం. ఆ పట్టికలో కోణం టాలరెన్స్ డిగ్రీని బట్టి కాదు, కోణానికి ఉన్న రెండు భుజాల్లో చిన్నదాని పొడవును బట్టి ఉంటుంది. 10 మిల్లీమీటర్ల దాకా ±1°, 10 దాటి 50 దాకా ±30′, 50 దాటి 120 దాకా ±20′. మన చిన్న భుజం 17.3 మిల్లీమీటర్ల వాలు. కాబట్టి ±30′. 29°30′ నుంచి 30°30′ దాకా పాస్, మన 29°40′ పాస్. తప్పు వైపు చదివి 29°20′ రాసి ఉంటే మంచి జాబ్ స్క్రాప్ డబ్బాలోకి వెళ్లేది.

అదే డ్రాయింగ్‌లో విడిగా ±15′ ఇచ్చి ఉంటే ఇది ఫెయిల్. ±5′ ఇస్తే ఈ ప్రొట్రాక్టర్‌తో తేల్చడమే సరికాదు. పరికరం చూపించే అతి చిన్న గీత, ఒప్పుకునే తేడా రెండూ ఒకటే అయినప్పుడు పాస్ అనడానికీ ఫెయిల్ అనడానికీ ఆధారం ఉండదు. దానికి సైన్ బార్ కావాలి. గీతకూ గీతకూ మధ్య ఊహించి 42 నిమిషాలు, 43 నిమిషాలు అని రిపోర్ట్‌లో రాయడం కూడా మానేయండి.

రిపోర్ట్ గురించి ఇంకో మాట. 29°40′ని కంప్యూటర్‌లోనో సీఎన్‌సీలోనో దశాంశంగా కొట్టాల్సి వస్తే అది 29.67, 29.40 కాదు. 40ని 60తో భాగించాలి.

చిన్న ఛాంఫర్లు, షాఫ్ట్ ఛాంఫర్లు

షాఫ్ట్ కొసన తీసే 1 × 45° ఛాంఫర్‌ను దీనితో కొలవమని అడుగుతుంటారు. దాని వాలు 1.4 మిల్లీమీటర్లు. అంత చిన్న దాని మీద 5 నిమిషాల తేడా అంటే 0.002 మిల్లీమీటర్లు. బ్లేడ్ అక్కడ ఊగుతూనే ఉంటుంది, ఏ కోణం పెట్టినా ఆనినట్టే కనిపిస్తుంది. వాలు 10 మిల్లీమీటర్లయినా లేకపోతే నేను ప్రొట్రాక్టర్ తీయను. ప్రొఫైల్ ప్రొజెక్టర్ ఉంటే దాని మీద చూస్తాను, లేకపోతే ఛాంఫర్ రెండు వైపులా ఎంతెంత తీసుకుందో కొలిచి లెక్కేస్తాను.

పెద్ద షాఫ్ట్ మీద పెద్ద ఛాంఫర్ ఉంటే కొలవచ్చు. స్టాక్‌ను షాఫ్ట్ కొస ఫేస్ మీద ఆనించాలి, బ్లేడ్ షాఫ్ట్ సెంటర్ గుండా పోయే గీత మీద ఉండాలి. వాలు ఇక్కడ చదును కాదు, కోను. బ్లేడ్ సెంటర్ నుంచి పక్కకు జరిగితే అది మధ్యలో ఆని, రెండు కొసల దగ్గరా వెలుతురు కనిపిస్తుంది. కాబట్టి బ్లాక్ మీద దొరకని మెలిక షాఫ్ట్ మీద కంటికే దొరుకుతుంది. రెండు కొసల వెలుతురూ పోయేదాకా పక్కకు జరపండి. డ్రాయింగ్‌లో ఇచ్చింది ఒక వైపు కోణమా, మొత్తం కోను కోణమా అన్నది కూడా చూసుకోవాలి. సెంటర్ లైన్ నుంచి 30 అంటే మొత్తం 60 అవుతుంది. కొస ఫేస్ మీద స్టాక్ పెట్టినప్పుడు డయల్ కూడా 60 చూపిస్తుంది. కానీ డయల్ చూపిస్తున్నది మొత్తం కోణాన్ని కాదు, ఫేస్‌కూ వాలుకూ మధ్య ఉన్న కోణాన్ని. 30 దగ్గర ఈ రెండూ అనుకోకుండా ఒకటయ్యాయి. సెంటర్ లైన్ నుంచి 20 ఇచ్చి చూడండి, మొత్తం కోణం 40 అవుతుంది, డయల్ మాత్రం 70 చూపిస్తుంది.